అరసవల్లికి బస్సులో ఒక్కరోజు ప్రయాణం: ముందు మాత్రల వేళ, తర్వాతే బస్సు వేళ

ప్రశ్న: మేముండేది విశాఖ ఎంవీపీ కాలనీలో. నాన్నగారికి 74, అమ్మకి 69. అరసవల్లి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయాలని అమ్మ పట్టు. కారు పడదు, ఆర్టీసీ బస్సే కావాలంటున్నారు. నాన్నగారికి బీపీ, షుగర్, ప్రోస్టేట్ మాత్రలున్నాయి, మాటిమాటికీ బాత్రూమ్‌కి లేస్తారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, బస్సెక్కితే వాంతులు. దారిలో ఎక్కడ ఆగాలి, మందులు ఎలా సర్దుకోవాలి?

జవాబు:

నాన్నగారి మాత్రల స్ట్రిప్పులన్నీ ఒకసారి టేబుల్ మీద పరిచి పేర్లు చదవండి. మీరు వెతకాల్సింది నీరు పోయే మాత్ర కోసం. ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ లాంటివి విడిగా ఉంటే తెలిసిపోతుంది. కానీ చాలామంది ఇళ్లలో అది బీపీ మాత్రలోనే దాక్కుని ఉంటుంది. టెల్మిసార్టన్ లాంటి మందు పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉందన్నమాట, అదీ నీటి మాత్రే. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ ఇస్తుంటే అది చక్కెరని మూత్రంలోకే తోసేస్తుంది కాబట్టి మూత్రం ఎక్కువే అవుతుంది. కేజీహెచ్ దగ్గర పాతికేళ్లు మెడికల్ షాపు నడిపాను. "మా నాన్నకి నీటి మాత్ర లేదండీ" అని చెబుతూనే ఆ హెచ్ స్ట్రిప్పు చేతికిచ్చినవాళ్లు లెక్కలేనంత మంది.

ఎందుకింత చెబుతున్నానంటే, ఫ్యూరోసెమైడ్ వేసుకున్న గంట లోపే పని మొదలుపెడుతుంది, గంట రెండు గంటల మధ్య ఉధృతంగా ఉంటుంది, ఆరేడు గంటలకి పూర్తిగా తగ్గుతుంది. మీరు ఉదయం ఏడింటికి టిఫిన్ పెట్టి, మాత్ర వేసి, ఏడున్నరకి ద్వారకా ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కించారనుకోండి. సరిగ్గా తగరపువలస దాటి భోగాపురం దగ్గరికొచ్చేసరికి ఆయన సీట్లో కదలడం మొదలుపెడతారు. అది ఆయన ఓపిక తక్కువై కాదు, మనం వేళ తప్పు పెట్టినందుకు.

అందుకే ముందు ఇంట్లో ఒక చిన్న పని చేయండి. రెండు రోజుల పాటు ఆయన ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, బాత్రూమ్‌కి ఎన్నింటెన్నింటికి వెళ్లారు అని కాగితం మీద రాయండి. ఆయన్ని అడక్కండి, మీరే గమనించి రాసుకోండి. అడిగితే "నాకేం పర్వాలేదురా" అనే అంటారు. మా నాన్నగారిది రాస్తే ఇలా వచ్చింది: మాత్ర ఏడింటికి, బాత్రూమ్ ఏడూ నలభైకి, ఎనిమిదీ పావుకి, తొమ్మిదికి, తొమ్మిదీ యాభైకి, ఆ తర్వాత మధ్యాహ్నం పన్నెండున్నరకి. అంటే మాత్ర వేసిన మొదటి మూడు గంటలే ఇబ్బంది, తర్వాత రెండున్నర గంటలు హాయి. ఆ కాగితం పట్టుకెళ్లి డాక్టరు గారికి చూపించాను. ఆ ఒక్కరోజుకి మాత్రని తెల్లవారుజామున నాలుగున్నరకి జరపమన్నారు. మీ నాన్నగారి విషయంలో కూడా ఎంత జరపాలన్నది డాక్టరే చెప్పాలి. గుండె నీరసంగా ఉండి నీరు పట్టేవాళ్లకి ఆ మాత్ర మానేస్తే మర్నాటికి ఆయాసం వస్తుంది. జరపొచ్చా అని అడగండి, మానేయడం మాత్రం మనంతట మనం చేయకూడదు. సాయంత్రం ఇంటికొచ్చాక వేస్తే సరిపోతుంది కదా అనుకోవద్దు, రాత్రంతా లేస్తూ చీకట్లో తూలి పడతారు.

మీ కాగితం మీద, ఆ మొదటి హడావుడి తగ్గాక కూడా రెండు సార్ల మధ్య గంటన్నర కూడా రాకపోతే నాన్‌స్టాప్ బస్సు మీకు కాదు. విజయనగరం మీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కి, విజయనగరం కాంప్లెక్సులో దిగి, అరగంట ఆగి, ఇంకో బస్సు పట్టుకోండి. రెండోసారి మెట్లెక్కడం అమ్మ మోకాళ్లకి కష్టమే. అయినా నాన్నగారికి ఆ అరగంట ముఖ్యం. గంటన్నర దాటుతోందంటే నాన్‌స్టాపే మేలు. హైవే మీద ఆనందపురం, తగరపువలస, పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా రెండున్నర గంటల్లో శ్రీకాకుళం కాంప్లెక్సులో దింపేస్తాడు. మధ్యలో జనం ఎక్కి మీద పడరు, బ్రేకులు తక్కువ కాబట్టి అమ్మ కడుపు తిప్పడమూ తక్కువే.

ఇక్కడ ఇంట్లో ఒక వాదన వస్తుంది, సిద్ధంగా ఉండండి. స్త్రీశక్తి పథకంలో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో అమ్మకి టికెట్ డబ్బుల్లేవు, నాన్‌స్టాప్‌లో ఆ సౌకర్యం వర్తించదు. "ఫ్రీ బస్సు ఎదురుగా ఉండగా డబ్బులెందుకురా తగలేస్తావు" అని మా అమ్మ కాంప్లెక్సులో అందరి ముందూ అడిగింది. నాన్నగారికి ఎలాగూ అరవై దాటినవాళ్ల పాతిక శాతం రాయితీ ఉంటుంది కాబట్టి ఆధార్ మర్చిపోవద్దు. ఆ మిగిలింది చూపించి ఒప్పించాను.

బస్సెక్కగానే డ్రైవరు గారితో ఒక్క మాట చెప్పండి: "పెద్దాయన ఉన్నారండి, అవసరమైతే ఏదైనా బంకు దగ్గర రెండు నిమిషాలు ఆపాలి." నాన్‌స్టాప్‌లో చాలాసార్లు కండక్టరు ఉండరు, టికెట్లు కాంప్లెక్సులోనే కొట్టేస్తారు. దారి మధ్యలో నడిచెళ్లి డ్రైవర్ని అడగడం కన్నా ముందే చెప్పి ఉంచితే ఆయన కూడా మంచి బంకు చూసి ఆపుతారు. మేం మూడుసార్లు వెళ్తే ఒక్కసారే ఆపాల్సొచ్చింది. ఆపుతారన్న ధైర్యం ఉంటే పెద్దవాళ్లకి సగం అవసరం రాదు, ఇది నేను చూసిందే. ఇంకోటి, ప్యాంటులా తొడుక్కునే డైపరు ఒకటి బ్యాగులో అడుగున పెట్టుకోండి. దాని గురించి చర్చ పెట్టొద్దు. మా నాన్నగారు మొదట చూసి మొహం తిప్పేసుకున్నారు, రెండో ప్రయాణానికి ఆయనే "అది పెట్టావా" అని నెమ్మదిగా అడిగారు.

అమ్మ విషయంలో గొడవ వేరు. ఆవిడ బస్సంటేనే ముందురోజు రాత్రి నుంచీ నీళ్లు మానేస్తారు, దారిలో బాత్రూమ్ దొరకదని. అన్ని ఇళ్లలో ఆడవాళ్లు చేసేదిదే. ఆవిడకీ బీపీ మాత్ర ఉంటే, అది వేసుకుని, నీళ్లు తాగకుండా రెండున్నర గంటలు కూర్చుని, శ్రీకాకుళంలో ఒక్కసారిగా లేచి మెట్లు దిగితే కళ్లు తిరుగుతాయి. నాన్నగారికీ ఇదే ప్రమాదం, ప్రోస్టేట్‌కిచ్చే టామ్సులోసిన్ లాంటివి లేవగానే బీపీ పడేస్తాయి. బస్సు ఆగాక అందరినీ దిగనివ్వండి. కూర్చునే ఓ ఇరవైసార్లు పాదాలు పైకీ కిందకీ ఆడించమనండి. తర్వాత కడ్డీ పట్టుకుని లేచి, పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు నడవాలి. దిగేటప్పుడు మీరు ముందు దిగి కింద నిలబడాలి, వెనక నుంచి పట్టుకుంటే ఉపయోగం లేదు. నీళ్ల సంగతి: ఉదయం లేవగానే ఒక గ్లాసు, బస్సులో గంటకి నాలుగైదు గుక్కలు, దిగి బాత్రూమ్ అయ్యాక మళ్లీ ఒక గ్లాసు. డాక్టరు నీళ్లు ఇంతే తాగాలని కొలత పెట్టి ఉంటే ఆ కొలతే.

అమ్మ అసలు భయం నీళ్లు కాదు, కింద కూర్చునే మరుగుదొడ్డి. మోకాళ్లు అరిగినవాళ్లు కూర్చుంటే లేవలేరు, బస్టాండ్లలో ఎక్కువ అవే. దీనికి నాకు తెలిసిన మార్గం ఒకటే. శ్రీకాకుళం కాంప్లెక్సు చుట్టుపక్కల లాడ్జీలో సాయంత్రం వరకూ ఒక గది తీసుకోండి. తాళం తీసుకునే ముందు బాత్రూమ్ చూడాలి: వెస్టర్న్ కమోడ్ ఉందా, గది కింద అంతస్తులో ఉందా, గడప ఎత్తుగా ఉందా. మేం ఏడు వందలిచ్చాం. ఒక్కపూటకి ఏడు వందలా అనిపిస్తుంది. కానీ రాగానే బాత్రూమ్, మధ్యాహ్నం రెండు గంటలు నడుం వాల్చడం, బయల్దేరే ముందు మళ్లీ బాత్రూమ్, మూడూ అందులోనే తీరతాయి. ఆ గది ఉందని ముందే చెబితే అమ్మ బస్సులో నీళ్లు తాగుతుంది.

ఇప్పుడు షుగర్ మాత్ర. నేను తప్పు చేసింది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొదటిసారి వెళ్లినప్పుడు దర్శనం అయ్యాకే ఏమైనా తినాలని అమ్మ నియమం. నాన్నగారు కూడా సరేనన్నారు. ఇంట్లో బయల్దేరేటప్పుడు మాత్రం అలవాటు ప్రకారం గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసేసుకున్నారు. నాకు తెలీదు, నేను టికెట్ల గొడవలో ఉన్నాను. పదిన్నర దాటాక క్యూలో ముందున్న ఒకాయనతో తగువు పెట్టుకున్నారు, "మీరు దారికి అడ్డంగా ఎందుకు నిలబడ్డారు" అని. ఆయన జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాటనని మనిషి. ఎండకి విసుగొచ్చిందనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా, తడిగా ఉంది, మెడ వెనక చొక్కా తడిసిపోయింది. మేమున్నది నీడలోనే. మీటరు తీసి చూస్తే 54.

70 కన్నా తగ్గితే షుగర్ పడిపోయినట్టే లెక్క. చెమట, వణుకు, గుండె దడ ముందు వస్తాయి, తర్వాత చిరాకు, తికమక మాటలు. బస్సు పడకపోవడం కూడా చెమటతో, నీరసంతోనే మొదలవుతుంది కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా వేలు గుచ్చి చూడటమే పద్ధతి. మీటరు అందుబాటులో లేకపోతే షుగర్ పడిందనే అనుకుని తీపి ఇచ్చేయండి, ఆ ఒక్కసారికి వచ్చే నష్టం లేదు. కొలత 15 గ్రాములు: గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ మూడు టీస్పూన్లు, అరగ్లాసు నీళ్లలో. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వాలి. బిస్కెట్లూ చాక్లెట్లూ ముందు పెట్టకండి, వాటిలో కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

మా నాన్నగారికి పదిహేను నిమిషాలకి 78 వచ్చింది, మొహం తేటపడింది, ఆ తగువు సంగతే గుర్తులేదన్నారు. గండం గడిచిందనుకుని రెండు ఇడ్లీలు పెట్టి దర్శనానికి తీసుకెళ్లాం. అది రెండో తప్పు. గ్లిమెపిరైడ్ రోజంతా పనిచేసే మందు, తీపి ఇచ్చి లేపిన షుగర్‌ని మళ్లీ కిందకి లాగుతుంది. రెండింటికి గదిలో నిద్రపోతున్నారనుకుంటే ఎందుకో అనుమానమొచ్చి చూశాను, 66. ఒకసారి పడితే ఆ రోజంతా రెండు గంటలకోసారి చూస్తూ, వేళకి అన్నం పెడుతూ ఉండాలి, అదే రోజు డాక్టరుకి చెప్పాలి. దర్శనం వాయిదా వేసుకుని ముందు ఆ పని చేసి ఉండాల్సింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, ప్లేటులో ఇడ్లీ కనబడితేనే షుగర్ మాత్ర స్ట్రిప్పులోంచి బయటికొస్తుంది. ఉపవాసంతోనే దర్శనం చేసుకోవాలని ఉంటే ఆ పూట గ్లిమెపిరైడ్ ఏం చేయాలో డాక్టర్ని ముందే అడిగి రాయించుకోండి. సూర్యనారాయణమూర్తికి మొక్కు అమ్మది కాబట్టి ఉపవాసం అమ్మ ఉంటుంది, నాన్నగారు తింటారు అని నేను తేల్చేశాను.

వాంతుల గురించి. షాపుల్లో వాంతుల మాత్ర అంటే ఎక్కువగా ఒండాన్‌సెట్రాన్ ఇస్తారు. అది కడుపులో తేడా చేసిన వాంతులకి బాగా పనిచేస్తుంది గానీ బస్సు కుదుపులకొచ్చే వాంతుల్ని పెద్దగా ఆపదు. ఆపేవి ఫెనిరమైన్ లాంటి అలర్జీ జాతి మాత్రలు. వాటితో పెద్దవాళ్లకి మత్తు, నోరు ఎండటం, ఒక్కోసారి తికమక వస్తాయి, అలా మత్తుగా ఉన్న మనిషిని బస్సు మెట్లు దింపాలి మనం. అమ్మకి తప్పనిసరైతే డాక్టర్ని అడిగి, ముందొకసారి ఇంట్లో ఉన్న రోజు వేసి చూడండి. నాన్నగారికి మాత్రం పొరపాటున కూడా అందులోంచి ఒకటి ఇవ్వొద్దు. ప్రోస్టేట్ ఉన్నవాళ్లకి ఆ మాత్రతో మూత్రం బిగిసిపోవచ్చు, పొట్ట ఉబ్బి చుక్క కూడా రాక ట్యూబు వేయించాల్సిన పరిస్థితి వస్తుంది. అమ్మకి నేను చేసేదల్లా డ్రైవరు వెనక రెండు మూడు వరుసల్లో సీటు, ఎదురుగా రోడ్డు కనబడేలా, రెండే ఇడ్లీలు, ఫోన్ చేతికివ్వకపోవడం. వెనక చక్రం మీద సీటు ఉచితంగా ఇచ్చినా వద్దు.

అమ్మ మోకాళ్లకి "గుళ్లో నడవాలి కదా, ముందే ఒక నొప్పి మాత్ర వేద్దాం" అనిపిస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వద్దు. టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు, నీటి మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకే రోజు ఒకే ఒంట్లో పడి పైన నీళ్లు కూడా తాగకపోతే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. కాలేయం బాగున్నవాళ్లకి పారాసెటమాల్ ఒకటి చాలు.

మేం ఇప్పుడు పాటించే రోజు ఇది, మీ కాగితాన్ని బట్టి మార్చుకోండి. నాలుగున్నరకి నాన్నగారి నీటి మాత్ర, ఒక గ్లాసు నీళ్లు. ఆరుంపావుకి ఇంట్లోనే టిఫిన్, షుగర్ మాత్ర. ఏడింటికల్లా ద్వారకా బస్ స్టేషన్, ఎక్కే ముందు ఇద్దరూ బాత్రూమ్, రాకపోయినా సరే. ఏడున్నర బస్సు, పదికి శ్రీకాకుళం, నేరుగా గది. నాన్నగారికి ఒక అరటిపండు, షుగర్ ఒకసారి చూడటం. పదిన్నరకి ఆటోలో గుడి, అది రెండు మూడు కిలోమీటర్లే. పన్నెండున్నరకి భోజనం, మూడింటి దాకా పడక, మూడున్నర బస్సు. ఆదివారం అరసవల్లి మాట ఎత్తొద్దు, సూర్యుడి వారమని జిల్లా అంతా అక్కడే ఉంటుంది. రథసప్తమి దగ్గర్లో అసలే వద్దు. గుడి వేళలు, పెద్దవాళ్లకి విడిగా దారి ఉందా అన్నది ముందురోజే కనుక్కోండి.

గుళ్లో ఒకటి జాగ్రత్త. చలికాలమైనా పదకొండు దాటితే రాతి నేల కాలుతుంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకి అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటుంది, కాలుతున్నట్టు వాళ్లకి తెలీదు. మా నాన్నగారు "చల్లగానే ఉందిరా" అన్నారు, నేను గెంతుతుంటే. రాత్రికి బొటనవేలి కింద రూపాయంత బొబ్బ. మందపాటి కాటన్ సాక్సులు తొడిగి తీసుకెళ్లండి, రాత్రి పడుకునే ముందు లైటు కింద రెండు అరికాళ్లూ చూడండి.

మందుల సంచి మీ భుజానికే ఉండాలి, పైన అరలోనో డిక్కీలోనో కాదు. మాత్రలు విడివిడిగా ఒలిచి డబ్బాలో పోయకుండా స్ట్రిప్పులతోనే తీసుకెళ్లండి, పేరు కనబడకపోతే కొత్త డాక్టరుకి మీరేం చెప్పలేరు. ఒక రోజు మందులు అదనంగా పెట్టండి. బస్సులో అమ్మ మాత్ర వేసుకున్న కాసేపటికి వాంతి చేసుకుంటే మళ్లీ ఇంకోటి వేసేయొద్దు. ఎంత లోపలికెళ్లిందో తెలీదు కాబట్టి డాక్టరుకి ఫోన్ చేశాకే.

తిరుగు ప్రయాణంలో మీకొక ఆశ పుడుతుంది. ఎంవీపీకి దగ్గర కదా అని హనుమంతవాక దగ్గర దిగిపోదామనిపిస్తుంది. ఆరింటివేళ హైవే అంచున, బస్సు సగం రోడ్డు మీద ఆగితే, వెనక హారన్లు మోగుతుంటే, రెండున్నర గంటలు కూర్చుని కాళ్లు వాచిన ఇద్దరు పెద్దవాళ్లని దింపడం నేనొకసారి చేశాను, ఇంకోసారి చేయను. కాంప్లెక్సు దాకా వెళ్లండి. ప్లాట్‌ఫాం మీద నిదానంగా దింపి, అక్కడే బాత్రూమ్ చూపించి, అప్పుడు ఆటో మాట్లాడండి.